క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ పరీక్షా క్రమం: జీడీహెచ్ యాంటీజెన్, టాక్సిన్, జన్యు నిర్ధారణ

మా బోధనాసుపత్రి మైక్రోబయాలజీ ప్రయోగశాలకు వచ్చే మల నమూనాల్లో క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ (ఇకపై సీ-డిఫ్) కోసం చేసే పరీక్షల క్రమాన్ని ఈ పత్రం నిర్దేశిస్తుంది. ఇది 2025 ఆగస్టు 1 నుంచి అమలులో ఉంటుంది. ప్రయోగశాల టెక్నీషియన్లతో పాటు వార్డుల్లోని రెసిడెంట్ డాక్టర్లు, స్టాఫ్ నర్సులు కూడా దీన్ని చదవాలి. ఈ పరీక్షలో సగం పని రోగి మంచం దగ్గరే జరుగుతుంది, అక్కడ జరిగిన పొరపాటును ప్రయోగశాలలో ఏ యంత్రమూ సరిదిద్దలేదు.

ఒక్క పరీక్ష ఎందుకు చాలదు

సీ-డిఫ్ గాలి సోకని చోట పెరిగే, స్పోర్లు కట్టే బాక్టీరియా. 1935లో నవజాత శిశువుల మలంలో దీన్ని మొదట గుర్తించారు. యాంటీబయాటిక్స్ వాడాక వచ్చే తీవ్రమైన పెద్దపేగు వాపుకు ఇదే కారణమని 1970ల చివరలో తేలింది. క్లోస్ట్రిడియం అన్న పాత పేరు 2016లో క్లోస్ట్రిడియాయిడిస్‌గా మారింది, కాబట్టి పాత రిపోర్టుల్లో కనిపించే పేరూ ఈ పేరూ ఒకే క్రిమివి. జబ్బు కలిగించేది ఈ బాక్టీరియా విడుదల చేసే ఎ, బి అనే టాక్సిన్లు. టాక్సిన్ తయారు చేయలేని రకాలు కూడా ఉన్నాయి, వాటి వల్ల ఈ జబ్బు రాదు. టాక్సిన్ చేయగల రకం పేగుల్లో ఉన్నా ఏ లక్షణమూ లేకుండా తిరిగేవారూ ఉన్నారు. మన దగ్గరున్న మూడు పరీక్షలూ వేరు వేరు ప్రశ్నలకు జవాబు చెబుతాయని దీన్నిబట్టి గ్రహించాలి.

గ్లుటమేట్ డీహైడ్రోజినేజ్, అంటే జీడీహెచ్, సీ-డిఫ్ రకాలన్నీ ధారాళంగా తయారు చేసే ఎంజైము. అది కనిపించకపోతే సీ-డిఫ్ లేదని దాదాపు నిశ్చింతగా చెప్పవచ్చు, కానీ కనిపించినంత మాత్రాన ఆ రకం టాక్సిన్ చేస్తుందో లేదో తెలియదు. టాక్సిన్ ఇమ్యునోఎస్సే ఎ, బి టాక్సిన్లను నేరుగా పట్టుకుంటుంది. అది పాజిటివ్ అయితే నమ్మదగినదే, కానీ టాక్సిన్ తక్కువ మోతాదులో ఉంటే దానికి అందదు. జన్యు పరీక్ష టాక్సిన్-బి జన్యువును వెతుకుతుంది. ఆ జన్యువు ఉందంటే టాక్సిన్ చేసే సామర్థ్యం ఉన్నట్టే తప్ప, ఆ రోజు ఆ పేగులో టాక్సిన్ తయారవుతున్నట్టు కాదు. జన్యు పరీక్షను మొదటి మెట్టుగా పెట్టకుండా, తేలని నమూనాలను తేల్చడానికి చివర్లో ఉంచింది ఇందుకే.

ఎవరి నమూనా పంపాలి

వేరే కారణం కనిపించకుండా కొత్తగా మొదలై, 24 గంటల్లో మూడు సార్లు లేదా అంతకు మించి పల్చని విరేచనాలు అవుతున్న రోగి నమూనానే పంపాలి. అమెరికా అంటువ్యాధి నిపుణుల సంఘాలు 2017 మార్గదర్శకాల్లో చెప్పినది కూడా ఇదే. గత 48 గంటల్లో లాక్టులోజ్, బిసకోడిల్ వంటి విరేచనకారి మందులు ఇచ్చి ఉంటే నమూనా పంపవద్దు. కొలనోస్కోపీ కోసం పేగు శుభ్రం చేసిన రోగికీ, ట్యూబ్ ద్వారా ఆహారం మొదలుపెట్టిన మరుసటి రోజే విరేచనాలు పట్టుకున్న రోగికీ ముందు ఆ కారణాన్నే ఆలోచించాలి. ఏడాది లోపు శిశువులకు ఈ పరీక్ష చేయము, ఎందుకంటే జబ్బేమీ లేకుండానే వారి పేగుల్లో ఈ క్రిమి ఉండడం సర్వసాధారణం. ఒకటి, రెండేళ్ల మధ్య పిల్లలకు మిగతా కారణాలన్నీ కొట్టివేశాకే, పిల్లల వైద్యుడు మాతో మాట్లాడాక చేస్తాము.

ఈ కట్టడి ఎంత అవసరమో ఒక చిన్న లెక్క చెబుతుంది. వంద మంది నమూనాలు వచ్చాయని, వారిలో నిజంగా జబ్బున్నవారు ఐదుగురే అనుకుందాం. మన పరీక్ష జబ్బు లేనివారిలో 95 శాతం మందికి సరిగ్గా నెగెటివ్ చెప్పగలిగినా, మిగిలిన 95 మందిలో దాదాపు ఐదుగురికి తప్పుగా పాజిటివ్ వస్తుంది. అప్పుడు చేతికొచ్చిన పాజిటివ్‌లలో సగం తప్పే. అదే పరీక్షను సరైన రోగులకే చేస్తే, పాజిటివ్ అన్న మాటకు విలువ పెరుగుతుంది.

రిక్వెస్ట్ ఫారంలో విరేచనాల సంఖ్య, మొదలైన తేదీ, గత మూడు నెలల్లో వాడిన యాంటీబయాటిక్స్ (ముఖ్యంగా సెఫలోస్పోరిన్లు, క్లిండమైసిన్, ఫ్లోరోక్వినోలోన్లు), పాంటాప్రజోల్ వంటి యాసిడ్ తగ్గించే మందులు, విరేచనకారి మందుల వివరాలు తప్పనిసరిగా రాయాలి. మెట్రోనిడజోల్ మొదలుపెట్టాక పంపే నమూనాల సంఖ్య మన ఆసుపత్రిలో ఎక్కువగానే ఉంది. మందు పడ్డాక నెగెటివ్ వస్తే దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో చెప్పడం మాకూ కష్టమే. కాబట్టి రోగి పరిస్థితి ఆగనివ్వకపోతే తప్ప, నమూనా తీశాకే మందు మొదలుపెట్టమని మనవి.

నమూనా

మూత గట్టిగా పడే శుభ్రమైన డబ్బాలో, ఫార్మలిన్ వంటి నిల్వ రసాయనం ఏదీ కలపకుండా, కనీసం 5 మిల్లీలీటర్ల మలం పంపాలి. డబ్బాను వంచినప్పుడు మలం డబ్బా ఆకారంలోకి ఒదగాలి. గట్టిపడిన మలాన్ని తిప్పి పంపుతాము. రెక్టల్ స్వాబ్ ఈ క్రమానికి పనికిరాదు. పేగు కదలిక ఆగిపోయి మలమే రాని రోగి విషయంలో మాత్రం ముందుగా మాతో మాట్లాడితే స్వాబ్‌పై జన్యు పరీక్ష చేస్తాము.

టాక్సిన్ గది ఉష్ణోగ్రతలో త్వరగా చెడిపోతుంది. నమూనా తీసిన రెండు గంటల్లోపు మాకు చేరాలి, వీలుకాకపోతే వార్డు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గత వేసవిలో ఒక వార్డు నుంచి వచ్చిన డబ్బాపై ఉదయం 10:40 అని రాసి ఉంది, మా రిజిస్టరులో సాయంత్రం 5:15 అని నమోదైంది. మధ్యలో అది నర్సింగ్ స్టేషన్ బల్ల మీద, కిటికీ పక్కన ఉంది. జీడీహెచ్ గీత ముదురుగా వచ్చింది, టాక్సిన్ గీత అసలు లేదు. మర్నాడు అదే రోగి నుంచి తాజాగా తెప్పించిన నమూనాలో రెండు గీతలూ స్పష్టంగా కనిపించాయి. ఆ ఒక్క రోజు ఆలస్యం ఆ రోగికి ఎంత బరువైందో నాకు తెలుసు. అందుకే నమూనా తీసిన సమయం రాయని డబ్బాను ఇకపై స్వీకరించము, వార్డుకు ఫోన్ చేసి సమయం తెలుసుకున్నాకే తీసుకుంటాము.

మొదటి మెట్టు: జీడీహెచ్, టాక్సిన్ కలిసి

ఈ రెండు పరీక్షలూ ఒకే పట్టీపై ఒకేసారి చేస్తాము. నమూనాను, కిట్‌ను గది ఉష్ణోగ్రతకు తెచ్చి, మలాన్ని బాగా కలిపాకే కొలత తీసుకోవాలి, ఎందుకంటే పైన తేలిన నీళ్లలో ఒక రకంగా, అడుగున దిగిన చిక్కటి భాగంలో మరో రకంగా యాంటీజెన్ ఉండవచ్చు. కొలతలు, నిరీక్షణ సమయాలు కిట్‌తో వచ్చిన కరపత్రంలో ఉన్నట్టే పాటించాలి, ఒక కిట్ రియేజెంట్‌ను మరో లాట్‌తో కలపకూడదు. కంట్రోల్ గీత రాకపోతే మిగతా గీతలు ఎలా ఉన్నా ఆ పరీక్ష చెల్లదు. ఫలితాన్ని నిర్ణీత సమయానికి, తెల్లని కాంతిలో, ఇద్దరు విడివిడిగా చూడాలి. కంటికి ఆనిన గీత ఎంత సన్నగా, లేతగా ఉన్నా పాజిటివే. సమయం దాటాక కనిపించిన గీతను మాత్రం లెక్కలోకి తీసుకోకూడదు. కొత్త లాట్ తెరిచిన ప్రతిసారీ పాజిటివ్, నెగెటివ్ కంట్రోళ్లు నడిపి లాగ్‌లో సంతకం చేయాలి.

రెండూ నెగెటివ్ అయితే అక్కడితో పరీక్ష ముగుస్తుంది. రెండూ పాజిటివ్ అయితే జన్యు పరీక్ష అవసరం లేదు. జీడీహెచ్ లేకుండా టాక్సిన్ గీత మాత్రమే వస్తే అది అసహజం, ఎందుకంటే టాక్సిన్ చేసే క్రిమి ఉంటే జీడీహెచ్ కూడా ఉండాలి. అప్పుడు అదే నమూనాతో కొత్త పట్టీపై మళ్లీ చేయాలి, మళ్లీ అలాగే వస్తే రిపోర్టు ఇవ్వకుండా తాజా నమూనా అడగాలి.

రెండో మెట్టు: తేలని నమూనాలకు జన్యు పరీక్ష

జీడీహెచ్ పాజిటివ్, టాక్సిన్ నెగెటివ్ వస్తే మూడు అవకాశాలు ఉంటాయి: అది టాక్సిన్ చేయని రకం కావచ్చు, టాక్సిన్ ఉన్నా పట్టీకి అందనంత తక్కువగా ఉండవచ్చు, లేదా నమూనా దారిలో చెడిపోయి ఉండవచ్చు. ఇలాంటి నమూనాను అదే రోజు జన్యు పరీక్షకు పంపాలి. క్షయ నిర్ధారణకు వాడే కార్ట్రిడ్జ్ యంత్రంలోనే దీని కార్ట్రిడ్జ్ కూడా నడుస్తుంది, సుమారు గంటలోపు ఫలితం వస్తుంది. ఉదయం కఫం నమూనాలతో యంత్రం నిండిపోయే రోజుల్లో యంత్రంలోని ఒక మాడ్యూల్‌ను మధ్యాహ్నం ఒంటిగంటకు దీనికోసం ఖాళీగా ఉంచాలి. అతి తక్కువ మలం కూడా పక్క నమూనాకు అంటుకుని తప్పుడు పాజిటివ్ తేగలదు కాబట్టి, ప్రతి నమూనాకూ గ్లవ్స్ మార్చి, బల్లను అప్పటికప్పుడు కలిపిన హైపోక్లోరైట్ ద్రావణంతో తుడవాలి. యంత్రం ఎర్రర్ చూపితే ఒకసారి కొత్త కార్ట్రిడ్జ్‌తో మళ్లీ చేయాలి.

రిపోర్టు

ఫలితాలను ప్రయోగశాల సాఫ్ట్‌వేర్‌లో ఈ కోడ్లతోనే నమోదు చేయాలి, వీటిలో NAAT అంటే జన్యు పరీక్ష:

```
CD1  GDH NEG / TOX NEG
CD2  GDH POS / TOX POS
CD3  GDH POS / TOX NEG / NAAT NEG
CD4  GDH POS / TOX NEG / NAAT POS
CD9  GDH NEG / TOX POS / REPEAT
```

CD1కి "సీ-డిఫ్ కనిపించలేదు" అని, CD3కి "టాక్సిన్ చేయని సీ-డిఫ్ రకం; ఈ విరేచనాలకు ఇది కారణం కాదు, వేరే కారణం వెతకాలి" అని రాస్తాము. CD2కి "సీ-డిఫ్, టాక్సిన్ రెండూ ఉన్నాయి, లక్షణాలున్న రోగిలో ఇది జబ్బును సూచిస్తుంది" అని రాసి, అరగంటలోపు వార్డుకూ ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుకూ ఫోన్ చేసి, విన్నవారి పేరు, సమయం నమోదు చేస్తాము.

అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది CD4. దాని కింద ఇలా ఉంటుంది: "టాక్సిన్ చేయగల సీ-డిఫ్ ఉంది, కానీ ఈ నమూనాలో టాక్సిన్ కనిపించలేదు. రోగి కేవలం వాహకుడై ఉండవచ్చు, లేదా జబ్బు ఉండవచ్చు. నిర్ణయం రోగిని చూస్తున్న వైద్యునిది." జ్వరం, కడుపు నొప్పి, తెల్ల రక్తకణాలు 15,000 దాటడం, క్రియాటినిన్ 1.5 మిల్లీగ్రాములు దాటడం వంటివి ఉంటే చికిత్స వైపు మొగ్గాలి. విరేచనాలు వాటంతటవే తగ్గుతుంటే, వేరే కారణం ఎదురుగా ఉంటే, పాజిటివ్ అన్న ఒక్క మాట చూసి మందు రాయవద్దు. అనవసరపు యాంటీబయాటిక్ పేగులోని మేలు చేసే సూక్ష్మజీవులను ఇంకా చెరిపి, లేని జబ్బుకు దారి తీయవచ్చు. చికిత్స నిర్ణయించినప్పుడు వాంకోమైసిన్ నోటి ద్వారానే ఇవ్వాలి. సిర ద్వారా ఇచ్చినది పేగులోకి చాలినంత చేరదు.

CD2, CD4 రెండింటిలోనూ రోగిని వేరు గదిలో ఉంచి, గ్లవ్స్, గౌను వాడాలి. చేతులు సబ్బు, నీళ్లతో కడగాలి, ఎందుకంటే ఆల్కహాల్ ద్రవం స్పోర్లను చంపదు.

మళ్లీ పరీక్ష

నెగెటివ్ వచ్చాక అదే విరేచనాలకు ఏడు రోజుల్లోపు మళ్లీ నమూనా పంపవద్దు. రోగి పరిస్థితి స్పష్టంగా మారితే కారణం ఫారంలో రాసి, డ్యూటీ మైక్రోబయాలజిస్ట్‌తో మాట్లాడి పంపవచ్చు. తగ్గిందో లేదో చూడడానికి చికిత్స చివర్లో ఈ పరీక్ష చేయము. రోగి పూర్తిగా కోలుకున్నా జీడీహెచ్, జన్యు పరీక్షలు వారాల తరబడి పాజిటివ్‌గా రావచ్చు కాబట్టి, విరేచనాలు ఆగడాన్నే కోలుకున్న గుర్తుగా తీసుకోవాలి. ఆగిన విరేచనాలు ఎనిమిది వారాల్లోపు తిరిగి మొదలైతే కొత్త ఫారంతో, "పునరావృతం" అని రాసి, పాత నమూనా తేదీతో సహా పంపాలి.