లకడీకాపూల్ హోటల్, 304 గది నుంచి 108కు ఫోను

(ఫోను స్పీకరులో ఉంది. అతిథి మాట్లాడేది బెంగాలీ. ఇక్కడ ఉన్నది దుభాషి వెంటవెంటనే వినిపించిన తెలుగు.)

108: చెప్పండి, ఏమైంది?

దుభాషి: ఛాతీలో నొప్పి. మగమనిషి, వయసు 58. లకడీకాపూల్ మెట్రో స్టేషన్ వెనక సందులో హోటల్, మూడో అంతస్తు. స్పృహలో ఉన్నారు.

108: నొప్పి ఎప్పటి నుంచి? ఎలా ఉంది?

అతిథి: ఇరవై నిమిషాలైంది. గుండె మీద బండ పెట్టినట్టుంది. ఎడమ చెయ్యి లాగుతోంది.

దుభాషి: చెమటతో చొక్కా తడిసిపోయింది. ఇది ఆయన చెప్పలేదు, నేను చూసి చెబుతున్నాను.

అతిథి: గ్యాసే అయ్యుంటుంది. సోడా తెప్పిస్తే చాలు.

108: ఏమీ తాగించకండి. నడవనివ్వకండి. వీపు ఆనించి కూర్చోబెట్టండి. ఆస్పిరిన్ ఆయనకు పడుతుందా?

అతిథి: పడదు. ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి.

108: అయితే ఇవ్వకండి.

రిసెప్షన్: సార్, మా కారులో తీసుకెళ్లమంటారా?

108: వద్దు. అంబులెన్స్ బయలుదేరింది. ఒకరు గేటు దగ్గర నిలబడండి. లిఫ్టు ఆపి ఉంచండి. ఫోను పెట్టేయకండి. స్పృహ తప్పితే వెంటనే చెప్పండి.

దుభాషి: బాబూ, అంబులెన్స్ వస్తోంది. లేవకండి. రోజూ ఏ మందులు వేసుకుంటారు?

అతిథి: బీపీ మాత్ర. సంచి పక్క జేబులో ఉంది.

రిసెప్షన్: దొరికింది. అట్టతో సహా అంబులెన్స్ వాళ్ల చేతికిస్తాను.