న్యాయవాది బిల్లు: కొల్లిపర భూమి భాగ పంపిణీ దావా

బిల్లు నంబరు: 31/2025-26
తేదీ: 3 నవంబరు 2025, తెనాలి
కోర్టు: సీనియర్ సివిల్ జడ్జి కోర్టు, తెనాలి
బిల్లు కాలం: 9 జూన్ 2025 నుంచి 31 అక్టోబరు 2025 వరకు

వాది గారికి నమస్కారములు.

కక్షిదారు ఇచ్చిన సొమ్ములో ఫీజు ఎంత, ఖర్చుల కింద ఎంత అన్నది ఖాతాలో వేరుగా చూపాలని, ఖర్చులకు ఇచ్చినది లిఖితపూర్వక సమ్మతి లేనిదే ఫీజుకు మళ్లించరాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు చెబుతున్నందున, ఈ బిల్లును మూడు భాగాలుగా రాస్తున్నాను.

రిటైనర్: వకాలత్ మీద సంతకం చేసిన రోజున, అంటే జూన్ 9న, మీరు రూ.25,000 చెల్లించారు. మన ఒప్పందం ప్రకారం ఇది ఫీజులో మినహాయించుకోవలసిన అడ్వాన్సు కాబట్టి, మొత్తాన్నీ కింది ఫీజులోనే జమ చేశాను.

వృత్తి ఫీజు: లాయర్ నోటీసు, దావా పత్రం తయారీకి రూ.18,000, ప్రతివాదులు భూమిని అన్యాక్రాంతం చేయకుండా తాత్కాలిక ఉత్తర్వు కోరుతూ వేసిన ఐఏ తయారీకి, దానిపై వాదనలకు రూ.12,000, ఆరు వాయిదాలకు ఒక్కొక్కదానికి రూ.1,500 చొప్పున రూ.9,000, కమిషనర్ స్థల తనిఖీ నాడు మీ తరఫున హాజరైనందుకు రూ.4,000, వెరసి రూ.43,000. న్యాయమూర్తి సెలవులో ఉన్నందున విచారణ జరగని రెండు వాయిదాలకు ఫీజు వేయలేదు. రిటైనర్ పోగా రావలసిన ఫీజు రూ.18,000.

చేతి నుంచి పెట్టిన ఖర్చులు: మీరు ఉమ్మడి స్వాధీనంలో ఉన్నారని పేర్కొన్నందున దావాకు స్థిర కోర్టు ఫీజు రూ.200 మాత్రమే అయింది. ఈసీ, దస్తావేజుల సర్టిఫైడ్ నకళ్లకు రూ.1,150, నలుగురు ప్రతివాదులకు సమన్ల బత్తా, రిజిస్టర్డ్ పోస్టుకు రూ.640, టైపింగ్, జిరాక్సులకు రూ.2,310, కొల్లిపరకు రెండుసార్లు కారు కిరాయి రూ.1,400, కోర్టు నిర్ణయించిన అడ్వకేట్ కమిషనర్ ఫీజు రూ.8,000 కలిపి రూ.13,700 అయ్యాయి. కమిషనర్ ఫీజు రూ.5,000 దాటదని మొదట మీకు చెప్పాను. పొలం రెండు చోట్ల ఉన్నందున కోర్టు ఎక్కువ నిర్ణయించింది, ఆ ఉత్తర్వు నకలు జతచేశాను. టైపిస్టు అచ్చు రసీదు ఇవ్వలేదు గనుక ఆయన చేతిరాత పట్టీనే పంపుతున్నాను; మిగతా అన్నిటికీ రసీదులున్నాయి. ఖర్చుల కోసం మీరు వేరుగా ఇచ్చిన రూ.12,000 పోగా రావలసినది రూ.1,700. వీటిలో దేనిమీదా నా లాభం ఏమీ కలపలేదు.

మీరు వ్యాపార సంస్థగా కాక వ్యక్తిగా సేవ పొందినందున ఈ బిల్లుపై జీఎస్టీ లేదు.

మీరు చెల్లించవలసిన మొత్తం రూ.19,700 (అక్షరాలా పందొమ్మిది వేల ఏడు వందల రూపాయలు). దీనిని నవంబరు 18 లోగా చెక్కు ద్వారా గాని, ఫీజు ఒప్పంద పత్రంలో ఉన్న బ్యాంకు ఖాతాకు గాని చెల్లించి, ఫీజుకు, ఖర్చులకు వేరు వేరు రసీదులు తీసుకోగలరు. ఏ పద్దుపై సందేహమున్నా, చెల్లించే ముందే ఆఫీసుకు వచ్చి ఖాతా పుస్తకం చూసుకోవచ్చు.

ఇట్లు,
మీ న్యాయవాది, తెనాలి