విదేశీ అలవెన్స్ సవరణ కోసం విజ్ఞప్తి

కానో, నైజీరియా
5 జులై 2023

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
ప్రధాన కార్యాలయం, హన్మకొండ

విషయం: నైరా విలువ పడిపోయినందున నెలవారీ అలవెన్స్‌ను సవరించమని మనవి

సార్, నమస్కారం.

నన్ను ఇక్కడికి పంపినప్పుడు నెలకు 2,85,000 నైరాల అలవెన్స్ నిర్ణయించారు. అప్పటి లెక్కన అది సుమారు 50 వేల రూపాయలు. జూన్ 14న ఇక్కడి సెంట్రల్ బ్యాంక్ మారకం రేటుపై పట్టు సడలించింది. అంతకుముందు డాలరుకు 470 నైరాల దగ్గరున్న రేటు ఇప్పుడు 750 దాటింది. అదే అలవెన్స్ ఈ రోజు 31 వేల రూపాయలకు మించదు.

ఇందులో 1,20,000 నైరాలు ప్రతి నెలా ఇంటికి పంపేవాణ్ణి. అప్పుడు 21 వేలు అందేవి, ఇప్పుడు 13 వేలు. బడి ఫీజులు, నాన్నగారి మందుల ఖర్చు వీటిలోంచే వెళ్లాలి. జూన్ నెల ఇంట్లో చాలా టెన్షన్‌గా గడిచింది సార్.

ఇక్కడి ఖర్చూ పెరిగింది. మే నెలాఖరులో ప్రభుత్వం పెట్రోల్ సబ్సిడీ ఎత్తేసింది. అప్పటిదాకా 200 లోపున్న లీటరు 500 నైరాలు దాటింది. కరెంటు నిలకడగా ఉండదు కాబట్టి గదిలో జనరేటర్ తప్పదు, మిల్లులకు తిరగడానికి బండీ తప్పదు. కూరగాయల నుంచి ఆటో కిరాయి దాకా అన్నీ దాని వెంటే పెరిగాయి. ఇదివరకు 1,65,000 నైరాల్లో గడిచిన నెలకు ఇప్పుడు 2,20,000 కావాలి. జూన్ బిల్లులు జతపరిచాను.

అందుకే అలవెన్స్‌ను రెండుగా విడదీయమని కోరుతున్నాను. ఇంటి భాగం 21,000 రూపాయలు జీతంతో పాటు నా హన్మకొండ ఖాతాలో వేయండి. ఇక్కడి ఖర్చుకు 2,20,000 నైరాలు ఇవ్వండి. నేటి రేటున అది సుమారు 24 వేల రూపాయలు. రెండూ కలిపినా 45 వేలే. మీరు మొదట ఒప్పుకున్న 50 వేల కంటే ఇది తక్కువే. నైరా చవకైనందువల్ల కంపెనీకి మిగిలిన దాంట్లో కొంత నాకు తిరిగి ఇవ్వమనే అడుగుతున్నాను, కొత్త భారం వేయమని కాదు. అకౌంట్స్ వాళ్లు ఒకసారి లెక్క చూస్తే సరిపోతుంది.

రేటు ఇంకా నిలదొక్కుకోలేదు. కాబట్టి నైరా భాగాన్ని మూడు నెలలకోసారి సమీక్షించాలని, ఈ మార్పును జూన్ నుంచే వర్తింపజేయాలని మనవి. నైరా మళ్లీ బలపడితే తగ్గించడానికి నాకు అభ్యంతరం లేదు.

మన కరీంనగర్, పెద్దపల్లి వైపులాగే ఇక్కడా బాయిల్డ్ రైస్ మిల్లులే ఎక్కువ. అక్టోబర్‌లో కొత్త వడ్లు రావడం మొదలయ్యేసరికి మన డ్రయ్యర్లన్నీ సిద్ధంగా ఉండాలి. ఆ సీజన్ పూర్తయ్యేదాకా ఇక్కడే ఉండి పని చేయాలని నా కోరిక. ఇంటి దిగులు లేకుండా ఆ పని చేసే వీలు కల్పించండి.

జులై జీతాల పట్టిక తయారయ్యేలోగా మీ నిర్ణయం తెలిస్తే ఇంట్లో చెప్పుకోగలను. ఫోన్‌లో మాట్లాడాలన్నా సాయంత్రాలు అందుబాటులో ఉంటాను.

ఇట్లు
మీ విధేయుడు,
సర్వీస్ ఇంజినీర్, కానో సైట్

జత: జూన్ నెల ఖర్చు బిల్లులు, పోస్టింగ్ ఉత్తర్వు నకలు