టికెట్లకు స్క్రీన్‌షాట్‌లు జోడించే పద్ధతి

కొత్తగా చేరిన సహోద్యోగులందరికీ నమస్కారం.

సోమవారం నుంచి మీరు స్వయంగా టికెట్లు చూడబోతున్నారు కనుక, స్క్రీన్‌షాట్‌ల విషయంలో మన టీమ్ పాటించే నియమాలను ముందుగానే తెలియజేస్తున్నాను. గత నెలలో ఒకే టికెట్‌కు image.png అన్న పేరుతోనే ఆరు ఫైళ్లు వచ్చాయి. వాటిలో ఏది సమస్య వచ్చినప్పటిదో, ఏది సరిచేసిన తరువాతిదో తేల్చుకోవడానికి డెవలపర్ ప్రతి ఒక్కదాన్నీ తెరిచి చూడవలసి వచ్చింది.

ఇకపై ఫైలు పేరు ఈ విధంగా ఉండాలి:

```
SUP-4182_20250610_login_01.png
```

ఇందులో వరుసగా టికెట్ నంబరు, స్క్రీన్‌షాట్ తీసిన తేదీ, సమస్య కనిపించిన పేజీ పేరు, వరుస సంఖ్య ఉన్నాయి. తేదీలో సంవత్సరాన్ని ముందు రాయమనడం చాదస్తంగా తోచవచ్చు గాని, పేర్లనుబట్టి అమర్చినప్పుడు ఫైళ్లు కాలక్రమంలో నిలిచేది అలా రాసినప్పుడే. 1కి బదులు 01 అని రాయడమూ అందుకే. లేకుంటే చాలా చోట్ల 10వ ఫైలు 2వ దానికంటే ముందుకు వచ్చి కూర్చుంటుంది. పేరులో ఖాళీలు వదలకండి, ఎందుకంటే లింకులో ప్రతి ఖాళీ %20గా మారి చదవడానికి ఇబ్బంది పెడుతుంది.

ఫైలును PNG రూపంలోనే భద్రపరచండి. JPEG ఫొటోలకు బాగానే ఉంటుంది గాని, కుదింపులో చిన్న అక్షరాల అంచులు మసకబారుతాయి. మానిటర్‌ను ఫోనుతో ఫొటో తీసి పంపడం, చిత్రాన్ని వర్డ్ ఫైలులో అతికించి జోడించడం మన దగ్గర కుదరవు. చిత్రంలో బ్రౌజర్ చిరునామా పట్టీ కనిపించాలి. ఎర్రర్ సందేశాన్ని మాత్రం టికెట్‌లో అక్షరాలుగా కూడా రాయండి. రేపు మరొకరు అదే సందేశం కోసం వెతికినప్పుడు, చిత్రంలో ఉన్న మాటలు మన టికెట్ల వెతుకులాటకు దొరకవు.

అన్నిటికంటే జాగ్రత్తగా పాటించవలసినది వ్యక్తిగత వివరాల విషయం. కస్టమర్ పేరు, ఫోన్ నంబరు, ఈమెయిల్, బ్రౌజర్ చిరునామా పట్టీలోని టోకెన్లు కనిపిస్తుంటే, జోడించే ముందే వాటిని పూర్తి నల్లని పెట్టెతో కప్పి, చిత్రాన్ని కొత్త ఫైలుగా సేవ్ చేయండి. మసక చేస్తే చాలదు. మసక వెనుక ఉన్న అంకెలను కొన్నిసార్లు తిరిగి రాబట్టవచ్చు. కత్తిరించినంత మాత్రాన కూడా నిశ్చింతగా ఉండలేము. 2023లో విండోస్ 11 స్నిప్పింగ్ టూల్‌లో, కత్తిరించిన చిత్రాన్ని పాత ఫైలు మీదే సేవ్ చేస్తే తీసేసిన భాగం ఫైలు చివర మిగిలిపోయే లోపం బయటపడింది. దాన్ని తరువాత సరిచేశారు, అయినా కొత్త ఫైలుగా సేవ్ చేసే అలవాటును మనం వదలలేదు.

పొరపాటున వివరాలు బయటపడిన ఫైలు జోడించినట్లు గమనిస్తే, సంకోచించకుండా ఆ క్షణమే నాకు ఫోన్ చేయండి. ఫైలును తొలగించే అనుమతి మీ ఖాతాలకు ఇంకా లేదు.

ఇట్లు,
టీమ్ లీడ్, సపోర్ట్ విభాగం