కడ్డీ మీద తువ్వాలు

(నాన్న సంవత్సరీకం నాటి సాయంత్రం, ఇంటిముందు అందరం కూర్చున్నప్పుడు పాడటానికి రాసుకున్నాను. గొంతు నాది, మాట నాన్న సైకిల్‌ది. అది నన్ను ‘అమ్మలూ’ అనే పిలుస్తుంది, నాన్న పిలిచినట్టు. గంజిర ఒక్కటి చాలు. పల్లవికి ముందు సైకిల్ బెల్లు రెండుసార్లు కొట్టాలి. హుద్‌హుద్ తుఫాను దగ్గర తాళం ఆపేసి మామూలుగా చెప్పాలి, ఆ రోజు పాటలో ఇమడలేదు.)

పల్లవి
ట్రింగ్ ట్రింగ్ అంటే చాలమ్మలూ, గుమ్మం దాటి వచ్చేదానివి
నాన్నొచ్చాడని వీధంతటికీ నాకన్నా ముందే చెప్పేదానివి
తుప్పు పట్టిన మాట నిజమే, ఉప్పుగాలి ఊరు కదా
తొక్కిన పాదం గుర్తుంది, అది తుప్పు తినేది కాదు కదా

చరణం
1983లో కొన్నాడు నన్ను, నెలనెలా జీతం దాచిపెట్టి
సంపత్ వినాయకుడి గుడి ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టి
తెల్లారకుండా కంచరపాలెం మెట్టు దిగి, జ్ఞానాపురం దాటి
సైరన్ మోగేలోగా చేరాలి, సింధియాలో షిప్‌యార్డు గేటు
వెనక కట్టిన క్యారేజీలో చద్దన్నం, ఆవకాయ
గతుకు వస్తే మూత గలగల, అదే మాకు దారిపాట
నెహ్రూ వచ్చారట, జలఉష ఓడని 1948లో నీళ్లకి వదిలారట
ఆ కథ నీకు చెబుతుంటే గోడకి ఆని నేనూ విన్నా
వాళ్లు కట్టేవి ఓడలమ్మలూ, వేల టన్నుల ఓడలు
కట్టే చేతుల్ని రోజూ మోసినవి నావి రెండు సన్న టైర్లు

(పల్లవి)

చరణం
నీకు నాలుగేళ్లు. ముందు కడ్డీ ఒరుసుకుపోతుందేమోనని
భుజం మీది తువ్వాలు తీసి, నాలుగు మడతలు వేసి చుట్టి
ట్యూబు ముక్కతో బిగించి కట్టి, తన చేత్తో ఒత్తి చూసి
అప్పుడు ఎక్కించాడు నిన్ను, ఆదివారం, ఎండ చల్లబడ్డాక
సిరిపురం దాటి పాండురంగాపురం దిగుడు, బ్రేకులు రెండూ పట్టి
గడ్డం నీ తలకి ఆనించి, ‘గట్టిగా పట్టుకోవే’ అంటూనే ఉన్నాడు
సముద్రం కనపడగానే నువ్వు చేతులు వదిలి చప్పట్లు కొట్టావు
నా ముందు చక్రం వణికింది, ఆయన చెయ్యి వణకలేదు
మురీ మిక్చర్ పొట్లం తిని, తడి ఇసకతో కాళ్లు నింపి
తిరుగుదారిలో ఎగువంతా దిగి నడిచాడు, నన్ను నెట్టుకుంటూ
ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి జోగే నీ వీపు మీద
నిన్ను మాత్రం దించలేదు, ఇల్లొచ్చేదాకా దించలేదు

(పల్లవి)

చిన్న చరణం
కడ్డీ కింద కాలు దూర్చి నేర్చుకున్నావు, మన సందులోనే
కాలవ పక్కన పడ్డది నువ్వు, వంగింది నా ఎడమ పెడలు
షాపతను మారుస్తానంటే వద్దన్నాడు మీ నాన్న
‘మా గుంట పడ్డ గుర్తది, ఉండనీరా’ అన్నాడు

(గంజిర ఆగుతుంది. మాటల్లో.)
2014 అక్టోబర్ 12, ఆదివారం. నువ్వు హైదరాబాద్‌లో ఉన్నావు. రాత్రి దాకా హుద్‌హుద్ ఊరిని ఊపేసింది. మర్నాడు చూస్తే కరెంటు లేదు, నీళ్లు లేవు, ఫోను లేదు. రోడ్డుకి అడ్డంగా చెట్లే చెట్లు. స్కూటర్లు కదలవు. ‘గుంట అక్కడ ఏడుస్తుంటాదే’ అని మీ అమ్మతో అన్నాడు, నన్ను బయటికి తీశాడు. చెట్టు వచ్చినప్పుడల్లా నన్నెత్తి భుజాన వేసుకున్నాడు, కొమ్మలు దాటాక దించి తొక్కాడు. మళ్లీ చెట్టు, మళ్లీ భుజం. ఎన్‌ఏడీ దాటాం, అనకాపల్లి దారి పట్టాం. ఎక్కడో ఒకచోట ఫోను కలిసింది. ‘బాగానే ఉన్నామమ్మలూ’ అన్నాడు, అంతే. తర్వాత చాలాసేపు నా సీటు పట్టుకుని నిలబడ్డాడు.
అన్నేళ్లూ నేను మోశాననుకున్నాను. ఆ రోజు ఆయన భుజం ఎముక నా కడ్డీకి తగిలింది.

(గంజిర మళ్లీ, మెల్లగా)

చివరి చరణం
మెట్ల కింద ఉన్నానిప్పుడు, పాత గోనెసంచి పక్కన
కిలోకింతని బేరమాడి వెళ్లాడు, పాత సామాన్ల బండి అతను
నువ్వు వద్దన్నావు, విన్నానమ్మలూ, గొలుసు ఒక్కసారి కదిలింది
తైలం కాస్త పోయిస్తావా, గాలి కాస్త కొట్టిస్తావా
నీ కూతురుకీ నాలుగేళ్లట, కాళ్లు నేలకి అందవట
కడ్డీ మీద తువ్వాలు అలాగే ఉంది, ముడి నాన్న కట్టిందే
పాండురంగాపురం దిగుడులో బ్రేకులు రెండూ పట్టుకో

(బెల్లు రెండుసార్లు)