బావా, తీరిగ్గా చదువు

బావా,

ఇక్కడ రాత్రి 11 అయింది. అత్త పడుకుంది. అక్కడ అమెరికాలో నీకు శనివారం మధ్యాహ్నం 12:30, ఆఫీసు లేదు, కారు నడిపే పని లేదు. అందుకే ఈ వేళ చూసుకుని రాస్తున్నాను. ఫోనులో చెబుదామంటే నాకు గొంతు పూడుకుపోతుంది. నువ్వు "ఇప్పుడు ఏమైందని?" అంటావు. ఆ మాటతో నేను చెప్పాలనుకున్నది లోపలే ఉండిపోతుంది. మొత్తం చదివాకే జవాబివ్వు.

ముందు కార్తీక పౌర్ణమి సంగతి. నాకు ఇంకా అదే గుచ్చుకుంటోంది.

తెల్లవారుజామున 5 గంటలకు మహేంద్రతనయ నది రేవులో ఉంటాను, వీడియోలో నువ్వూ చూద్దువుగాని అని ముందు రోజే చెప్పాను. తప్పకుండా అన్నావు. అత్త మోకాళ్ల నొప్పితో రాలేనంది. నీ పేరున కూడా ఒక దీపం వదలమని తనే అరటి దొప్ప కోసి, వత్తులు నేతిలో తడిపి, ఆకులో చుట్టి ఇచ్చింది. రేవు నిండా జనం. ఒడియా వాళ్లు రంగు కాగితాలు అంటించిన పడవలు వదులుతున్నారు, మన వాళ్లు దీపాలు. నీకు గుర్తుందో లేదో, నేను పాతపట్నం నుంచి కార్తీకానికి మీ ఇంటికి వచ్చిన ఏడు, నా పడవ ఒడ్డునే బోర్లాపడితే నువ్వు నిక్కరు తడుపుకుని దిగి దాన్ని మళ్లీ నిలబెట్టావు. అప్పుడు నువ్వు ఆరో తరగతి. ఆ మెట్టు దగ్గరే నిలబడ్డాను, నీకు చూపిద్దామని.

ఒక చేతిలో నీ దీపం, ఇంకో చేతిలో ఫోను. 5:10 అయింది, 5:20 అయింది. నేను మూడుసార్లు చేశాను, మోగి మోగి ఆగిపోయింది. వెనక ఆడవాళ్లు జరగమ్మా, జరగమ్మా అంటున్నారు. నెయ్యి కరిగి వేళ్ల మీదికి కారుతోంది. ఇక లాభం లేదని వంగి నీళ్లలో పెట్టాను. నీ దీపం కొంచెం దూరం పోయి, పక్క పడవకు తగిలి, తిరిగి సర్దుకుని పోయింది. అది నువ్వు చూడవలసింది బావా.

సరిగ్గా 6 గంటలకు నువ్వు చేశావట. అప్పటికి తెల్లారిపోయింది, ఫోను సంచిలో తడి తువ్వాలు కింద ఉంది. ఇంటికొచ్చి చూస్తే నీ మెసేజి: "చేశాను, ఎత్తలేదు. పడుకున్నావా?" మూడింటికి లేచి తలస్నానం చేసిన దాన్ని. ఆ "పడుకున్నావా" చదివి గుమ్మంలోనే కూర్చుండిపోయాను.

ఆ గంట తేడా ఎక్కడిదో నాకు తర్వాత అర్థమైంది. నవంబరు మొదటి ఆదివారం మీ దగ్గర గడియారం గంట వెనక్కి తిప్పారు. అక్టోబరులో మన 5 అంటే నీకు సాయంత్రం 7:30. ఇప్పుడు 6:30. నువ్వు పాత లెక్కలోనే ఉన్నావు. కావాలని చేయలేదని తెలుసు. కానీ గడియారం మారింది మీ ఊళ్లో కదా. అది నాకు చెప్పవలసింది నువ్వు. నేను ఏడో తరగతి పిల్లలకు రేఖాంశాల లెక్క చెబుతూ, న్యూయార్కుకు మనకు తేడా ఎంత అని బోర్డు మీద వేయబోయి తెలుసుకున్నాను.

ఆ రోజు మొదలు అన్నీ తప్పుతూనే ఉన్నాయి. ఉదయం 6 నుంచి 7 వరకు మన గంట. నీకు 8:30 అయ్యేది, తిని కూర్చునేవాడివి. ఇప్పుడు నేను 6 గంటలకు చేస్తే నువ్వు 7:30కి ఇంకా దారిలోనో, దుకాణంలోనో ఉంటావు. నీకు అలవాటైన 8:30కి నువ్వు చేస్తే ఇక్కడ 7. ఒక పొయ్యి మీద పప్పు, ఒక పొయ్యి మీద అత్తకు వేడి నీళ్లు, 7:30కి ఆటో. సాయంత్రమూ అంతే, నీకు కుదిరే వేళకు నా ట్యూషన్ పిల్లలు వచ్చి కూర్చుంటారు.

వేళలు కుదరకపోవడం గురించి కాదు నా బాధ. భూమి తిరిగేదాన్ని నువ్వూ ఆపలేవు, నేనూ ఆపలేను. కుదరని రోజున నీ నుంచి ఒక్క మాట కూడా రాదు చూడు, అదీ బాధ. వంటింటి అలమరలో నువ్వు కొనిచ్చిన, కొమ్ముతో చేసిన కొంగ బొమ్మకు ఫోను ఆనించి పెట్టుకుని పని చేసుకుంటాను. నువ్వు చేస్తే వెంటనే కనబడాలని. ఒక గంట దాన్నే చూస్తూ ఉంటాను. రాకపోతే ఎందుకు రాలేదో నాకు తెలియదు. మర్నాడు నువ్వు వేరే సంగతులతో మొదలుపెడతావు, ఆ గంట అసలు లేనట్టే. నేను కాచుకుని ఉన్నది ఎవరి లెక్కలోకీ రాలేదే అనిపిస్తుంది. నువ్వు వెళ్లి నెలలు గడిచాయి. ఇన్ని నెలల్లో నా నిద్ర, నా వంట, నా స్నానం అన్నీ నీ గడియారానికి జరిపాను. నీది ఒక్కసారైనా నా వైపు జరిగిందా?

అత్త రోజూ అడుగుతుంది, "వాడు మాట్లాడాడా?" అని. ఈ వారం మూడుసార్లు "మాట్లాడాడు అత్తా, బాగున్నాడు" అని అబద్ధం చెప్పాను. నీ కన్నతల్లి, నా మేనత్త, ఆవిడ ముందు అబద్ధమాడడం నాకు చేతకాదు. మూడోసారి నా మొహం చూసి ఇంకేమీ అడగకుండా మంచం వైపు వెళ్లిపోయింది.

నా తప్పు కూడా ఒకటి ఉంది, చెప్పేస్తాను. మొన్న గురువారం నువ్వు చేసినప్పుడు నేను ఫోను ముందే ఉన్నాను. మోగుతుంటే చూస్తూ నిలబడ్డాను, ఎత్తలేదు. నీకూ తెలియాలనిపించింది. అది ఆగిపోయాక ఏడ్చాను. తర్వాత పనిలో ఉన్నానని రాశాను. అది నిజం కాదు. ఇంకెప్పుడూ అలా చేయను.

ఇప్పుడు నేను అడిగేది విను. ఆ పోయిన గంటను చెరి సగం పంచుకుందాం. నువ్వు అరగంట ముందుకు రా, నేను అరగంట వెనక్కి వస్తాను. నీ రాత్రి 8, నా ఉదయం 6:30. ఇరవై నిమిషాలు చాలు. నేను పప్పు రాత్రే ఉడికించి పెట్టుకుంటాను. మార్చి రెండో ఆదివారం మీ గడియారం మళ్లీ మారుతుంది, అప్పుడు మళ్లీ చూసుకుందాం. ఈసారి మాత్రం ముందే నువ్వే చెప్పాలి.

కుదరని రోజున "ఈరోజు కాదు" అని ఒక్క ముక్క పంపు. కారు ఎక్కే ముందు పంపినా చాలు. నేను ఫోను పక్కన పెట్టి నా పని చూసుకుంటాను, నీ మీద కోపం పెట్టుకోను. పడుకునే ముందు రెండు నిమిషాలు నీ గొంతు రికార్డు చేసి పంపితే ఆటోలో వింటాను. ఏం తిన్నావో, చలి ఎంత ఉందో చెప్పు, ఏదైనా సరే.

ఇక ఆదివారాలు అత్తవి. నీ శనివారం రాత్రి 10 అంటే ఇక్కడ ఆదివారం ఉదయం 8:30. రేపు ఆ వేళకు ఆవిడను వీధి అరుగు మీద కూర్చోబెట్టి ఫోను చేతికిస్తాను. మాట్లాడాక నాకివ్వమని నువ్వే చెప్పు. నేను అడగను.

నీ మరదలు