6వ తరగతి గణితం: భిన్నాల కూడిక వర్క్‌షీట్, చేసి చూపిన జవాబులతో

ముందు మీ నోట్‌బుక్‌లో చేసి, తర్వాత ఇక్కడి జవాబుతో సరిచూసుకోండి. ఉమ్మడి హారం రాసిన మెట్టు తప్పకుండా కనిపించాలి. చివరి జవాబు కనిష్ఠ రూపంలో లేకపోతే మార్కు తగ్గుతుంది.

1) 3/8 + 1/8
హారాలు ఒకటే కాబట్టి లవాలు కూడితే చాలు.
= 4/8 = 1/2

2) 1/6 + 3/10
6, 10ల క.సా.గు. 30.
1/6 = 5/30, 3/10 = 9/30
5/30 + 9/30 = 14/30
14, 30ల గ.సా.భా. 2. రెండింటినీ 2తో భాగిస్తే 7/15.

చాలామంది 6 × 10 = 60 తీసుకుంటారు. అదీ తప్పు కాదు: 10/60 + 18/60 = 28/60. కాకపోతే ఇప్పుడు 4తో భాగించాలి. 2తో భాగించి 14/30 దగ్గర ఆగిపోయేవాళ్లు ఇక్కడే మార్కు పోగొట్టుకుంటారు. క.సా.గు. తీసుకుంటే సంఖ్యలు చిన్నవిగా ఉంటాయి, అంతే తేడా. అలాగని క.సా.గు. తీసుకున్నాం కదా, ఇక సూక్ష్మీకరణ అక్కర్లేదు అనుకోకండి. పైన 30 తీసుకున్నా చివర 2తో భాగించాల్సి వచ్చింది.

3) 5/12 + 7/18
క.సా.గు. 36.
15/36 + 14/36 = 29/36
29 ప్రధాన సంఖ్య, 36ను భాగించదు. ఇదే కనిష్ఠ రూపం.

4) 7/15 + 5/6
క.సా.గు. 30.
14/30 + 25/30 = 39/30 = 13/10 = 1 3/10

5) 1 3/4 + 2 5/12
పూర్ణాంకాలు వేరుగా: 1 + 2 = 3
భిన్నాలు వేరుగా: 9/12 + 5/12 = 14/12 = 7/6 = 1 1/6
మొత్తం: 3 + 1 1/6 = 4 1/6
జవాబును 3 7/6 అని వదిలేయకూడదు. మిశ్రమ భిన్నంలో భిన్న భాగం 1 కంటే తక్కువ ఉండాలి.

6) ఒక విద్యార్థి 1/2 + 1/3 = 2/5 అని రాశాడు. ఇది ఎందుకు కుదరదు?
2/5 అంటే సగం కంటే తక్కువ. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గదు కదా! లవాలు లవాలతో, హారాలు హారాలతో కూడేయడం వల్ల వచ్చిన తప్పు ఇది.
సరైన జవాబు: 3/6 + 2/6 = 5/6

7) ఒక రైతు తన ఎకరం చేనులో 1/4 వంతు వేరుశనగ, 1/6 వంతు కంది, 1/3 వంతు మిరప వేశాడు. మొత్తం ఎంత భాగంలో పంట వేసినట్టు?
4, 6, 3ల క.సా.గు. 12.
3/12 + 2/12 + 4/12 = 9/12 = 3/4
ఎకరానికి 100 సెంట్లు కాబట్టి 75 సెంట్లు. గుంటల్లో లెక్కేసే ఊళ్లో అయితే 40 గుంటల్లో 30.